రెండు మెష్‌ల మధ్య కరెంట్ సోర్స్: సూపర్ మెష్ నిజంగా చేసే పని

రెసిస్టర్లు, బ్యాటరీలు మాత్రమే ఉన్న సర్క్యూట్‌లో మెష్ పద్ధతికి అడ్డం లేదు. బొమ్మలో కనిపించే ప్రతి గడి చుట్టూ ఒక కరెంట్ తిరుగుతోందని అనుకుంటాం. ఆ గడి చుట్టూ ఒకసారి తిరిగి, దారిలో పెరిగిన వోల్టేజీలూ తగ్గిన వోల్టేజీలూ కలిపితే సున్నా రావాలని రాస్తాం. ఎన్ని గడులో అన్ని సమీకరణాలు. రెండు గడులకు ఉమ్మడిగా ఉన్న శాఖలో కరెంట్ సోర్స్ ఎదురైనప్పుడు మాత్రం పెన్ను ఆగుతుంది. రెసిస్టర్ అయితే దాని వోల్టేజి కరెంట్‌ను బట్టి రాసేయవచ్చు. బ్యాటరీ అయితే వోల్టేజి దాని మీదే ఉంటుంది. కరెంట్ సోర్స్ పక్కన ‘3 ఆంపియర్లు’ అని మాత్రమే రాసి ఉంటుంది. దాని రెండు చివరల మధ్య ఎన్ని వోల్టులు నిలుస్తాయన్నది మిగతా సర్క్యూట్ తేల్చాల్సిన సంగతి, అంటే లెక్క పూర్తయ్యాక గాని తెలియదు.

ఈ చిక్కు మెష్ పద్ధతితో పాటు పుట్టింది కాదు. కిర్కాఫ్ తన రెండు నియమాలను 1845లో ప్రకటించాడు. ఒక్కో గడి చుట్టూ ఒక్కో కరెంట్ తిరుగుతున్నట్టు ఊహించి లెక్క కట్టే పద్ధతి మాక్స్‌వెల్‌ది. అది ఆయన గ్రంథం మొదటి ముద్రణలో లేదు. కేంబ్రిడ్జిలో ఆయన చెప్పిన పాఠాల నోట్సు నుంచి తీసి, ఆయన మరణం తర్వాత 1881లో వచ్చిన రెండో ముద్రణలో చేర్చారు. ఆ నోట్సు రాసుకున్న విద్యార్థి జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్, తర్వాత 1904లో వాక్యూమ్ డయోడ్‌కు పేటెంట్ తీసుకున్నవాడు. ఆ రోజుల్లో సోర్స్ అంటే ఎక్కువగా రసాయన సెల్లే. దానికి వోల్టేజీ, లోపలి నిరోధమూ ఉంటాయి, ఏ గడి చుట్టూ తిరిగినా ఇబ్బంది లేదు. కరెంట్ సోర్స్ అనే ఊహకు పాఠ్యపుస్తకంలో స్థిరమైన చోటు దొరికింది తర్వాతి తరంలో. 1926లో బెల్ ల్యాబ్స్‌లో నార్టన్, జర్మనీలో మాయర్ విడివిడిగా ప్రతిపాదించిన సమాన సర్క్యూట్ అందుకు దారి వేసింది. పెంటోడ్ వాల్వులకూ ఆ తర్వాత ట్రాన్సిస్టర్లకూ కరెంట్ సోర్స్‌నే నమూనాగా గీయడం అలవాటయ్యాక, సెల్లుల కోసం పుట్టిన మెష్ పద్ధతిలో ఈ కొత్త వస్తువును ఎలా ఇమడ్చాలన్న ప్రశ్న వచ్చింది. సూపర్ మెష్ దానికి ఒక జవాబు. అది కొత్త నియమం అనుకోవడం దగ్గరే చాలామంది దారి తప్పుతారని నా అభిప్రాయం.

ఒక సర్క్యూట్ తీసుకుందాం. ఎడమ అంచున 42 వోల్టుల బ్యాటరీ, ప్లస్ పైకి. దాని పై చివర నుంచి 2 ఓమ్‌ల రెసిస్టర్ మధ్యలో ఉన్న నోడ్‌కు వస్తుంది. ఆ నోడ్ నుంచి కిందికి, బ్యాటరీ మైనస్ ఉన్న కింది తీగకు మధ్య శాఖ దిగుతుంది. అందులో 3 ఆంపియర్ల కరెంట్ సోర్స్ ఉంది, బాణం పైకి చూస్తోంది. మధ్య నోడ్ నుంచి కుడికి 4 ఓమ్‌లు, అక్కడి నుంచి కిందికి 6 ఓమ్‌లు. రెండు గడులు. రెండింటిలోనూ కరెంట్ సవ్యదిశలో తిరుగుతోందని అనుకుని ఎడమదాన్ని i1, కుడిదాన్ని i2 అందాం.

మొదట సూపర్ మెష్ మాట ఎత్తకుండా లెక్క చేద్దాం. కరెంట్ సోర్స్ మీది వోల్టేజి తెలియదు కాబట్టి దానికీ ఒక పేరు పెడదాం: vx, పై చివర ప్లస్. ఇక రెండు గడుల సమీకరణాలూ రాయడానికి అడ్డం లేదు.

42 − 2 i1 − vx = 0
vx − 10 i2 = 0

తెలియనివి మూడు, సమీకరణాలు రెండు. మూడోది సోర్స్ ఇస్తుంది: మధ్య శాఖలో పైకి వెళ్లే నికర కరెంట్ 3 ఆంపియర్లు. ఆ శాఖలో i2 పైకి పోతుంది, i1 కిందికి దిగుతుంది. కనుక i2 − i1 = 3. ఇక్కడితో పని అయిపోయింది. మొదటి రెండు సమీకరణాలనూ కలిపితే vx ఒకచోట మైనస్‌గా, ఇంకోచోట ప్లస్‌గా ఉంది కాబట్టి కొట్టుకుపోతుంది:

42 − 2 i1 − 10 i2 = 0

ఈ సమీకరణాన్ని బొమ్మ మీద చదివి చూడండి. బ్యాటరీ, 2 ఓమ్‌లు, 4 ఓమ్‌లు, 6 ఓమ్‌లు, మళ్లీ బ్యాటరీ. రెండు గడులకూ వెలుపలి హద్దు అది. రెండు పొలాల మధ్య గట్టును పట్టించుకోకుండా రెంటినీ కలిపి బయటి గట్ల మీదుగా ఒక చుట్టు చుట్టినట్టు. సూపర్ మెష్ అంటే ఇంతే: ఉమ్మడి శాఖలోని తెలియని వోల్టేజిని రాసి, ఆ తర్వాత కొట్టేసే శ్రమ లేకుండా, కొట్టేశాక మిగిలే సమీకరణాన్ని నేరుగా బయటి దారి వెంట రాయడం. i2 స్థానంలో i1 + 3 పెడితే 12 i1 = 12. i1 = 1, i2 = 4 ఆంపియర్లు. మధ్య నోడ్ 40 వోల్టుల మీద ఉంటుంది. vx కూడా అదే, ఎందుకంటే అది 10 i2.

ఇందులోనే మొదటి అపార్థానికి విరుగుడు ఉంది. ‘కరెంట్ సోర్స్‌ను తీసేసి సూపర్ మెష్ రాయండి’ అని తరగతుల్లో చెప్పడం మామూలే. విన్నవాళ్లలో కొందరు నిజంగానే తీసేస్తారు. మధ్య శాఖ లేనట్టు చేసి, చుట్టూ ఒకే కరెంట్ పారుతోందని 42ను 12తో భాగించి 3.5 ఆంపియర్లని రాస్తారు. సోర్స్‌ను తీసేసింది వోల్టేజీలు కూడుతూ నడిచే దారిలోంచే గాని సర్క్యూట్‌లోంచి కాదు. దారి మారినా ప్రతి రెసిస్టర్‌లోనూ దాని సొంత గడి కరెంటే పారుతోంది, రెండు కరెంట్ల మధ్య 3 ఆంపియర్ల తేడా అలాగే నిలిచి ఉంది. ఇంకో అపార్థం దీనికి ఉల్టా. కరెంట్ సోర్స్ మీద వోల్టేజి ‘ఇవ్వలేదు’ కాబట్టి సున్నా అనుకుని రెండు గడులకూ విడివిడిగా సమీకరణాలు రాస్తారు. అప్పుడు i1 = 21, i2 = 0 వస్తాయి. మధ్యలో పైకి 3 ఆంపియర్లు పోవాల్సిన చోట కిందికి 21 పోతున్నాయి. ఈ తప్పు వెంటనే బయటపడుతుంది, అందుకే అంత ప్రమాదం లేదు.

ప్రమాదమంతా షరతు సమీకరణం గుర్తులో ఉంది. అలవాటు చొప్పున i1 − i2 = 3 అని రాశామనుకోండి. సూపర్ మెష్ సమీకరణం మారదు కదా, లెక్క సాఫీగా సాగిపోతుంది: i2 = 3, i1 = 6. చూడటానికి ఎంతో నమ్మకంగా ఉన్న అంకెలు. విద్యార్థి జాగ్రత్తపరుడై పవర్ లెక్కతో సరిచూసుకుంటాడనుకుందాం. బ్యాటరీ ఇచ్చేది 42 × 6 = 252 వాట్లు. 2 ఓమ్‌లు 72 వాట్లు, కుడివైపు 10 ఓమ్‌లు 90 వాట్లు తీసుకుంటాయి. మధ్య నోడ్ 30 వోల్టులు, అక్కడ 3 ఆంపియర్లు కిందికి దిగుతున్నాయని తన షరతు ప్రకారమే లెక్కిస్తాడు, సోర్స్ 90 వాట్లు తీసుకుంటున్నట్టు వస్తుంది. 72, 90, 90 కలిపితే 252. అణువంత తేడా లేదు!

తప్పు జవాబు పవర్ పరీక్షలో నెగ్గడం విచిత్రమేమీ కాదు. అది వేరే సర్క్యూట్‌కు సరైన జవాబు, బాణం కిందికి ఉన్న సర్క్యూట్‌కు. పవర్ లెక్క మనం రాసిన సమీకరణాలు తమలో తాము పొసగుతున్నాయా లేదా అని మాత్రమే చెప్పగలదు. అవి బొమ్మతో పొసగుతున్నాయో లేదో చెప్పాలంటే మళ్లీ బొమ్మ దగ్గరికే పోవాలి. నేను నమ్మే పరీక్ష వేరు. కరెంట్ సోర్స్‌ను పూర్తిగా ఆపేస్తే మధ్య నోడ్ ఎక్కడుంటుంది? 3.5 ఆంపియర్లు 2 ఓమ్‌లలో పారితే 7 వోల్టులు తగ్గుతాయి, నోడ్ 35 వోల్టుల మీద ఉంటుంది. ఇప్పుడు ఆ నోడ్‌లోకి బయటి నుంచి 3 ఆంపియర్లు నెడుతున్నాం. వోల్టేజి పెరగాలి. సరైన జవాబు 40, తప్పు జవాబు 30. ఒక్క చూపులో తేలిపోతుంది. షరతు రాసేటప్పుడు పాటించాల్సింది కూడా ఇంతే తేలిక: బాణం వెంట నడిచే మెష్ కరెంట్‌కు ప్లస్, ఎదురు నడిచేదానికి మైనస్, కుడివైపున సోర్స్ విలువ. ‘మొదటి దాంట్లోంచి రెండోది’ అనే వరస అలవాటును మానుకోవాలి.

ఇప్పుడు అదే సర్క్యూట్‌కు ఒక్క రెసిస్టర్ చేరుద్దాం. బ్యాటరీ పై చివర నుంచి, 4 ఓమ్‌లూ 6 ఓమ్‌లూ కలిసే కుడి నోడ్‌కు, అన్నిటి పైనుంచి వంతెనలా 6 ఓమ్‌లు. పైన మూడో గడి ఏర్పడింది. దాని కరెంట్ i3, అదీ సవ్యదిశలోనే. 2 ఓమ్‌లు ఇప్పుడు మొదటి, మూడో గడులకు ఉమ్మడి. 4 ఓమ్‌లు రెండో, మూడో గడులకు ఉమ్మడి. సోర్స్ ఉన్న శాఖ మాత్రం ఎప్పటిలాగే మొదటి, రెండో గడుల మధ్యే ఉంది, కాబట్టి సూపర్ మెష్ కూడా ఆ రెంటిదే. మూడో గడికి దాని సమీకరణం దానికి మామూలుగా ఉంటుంది.

సూపర్ మెష్ చుట్టూ నడుస్తున్నప్పుడు 2 ఓమ్‌ల మీద పారే నిజమైన కరెంట్ i1 − i3. 4 ఓమ్‌ల మీద i2 − i3. బయటి 6 ఓమ్‌ల మీద i2 ఒక్కటే. అందుకని:

2 (i1 − i3) + 4 (i2 − i3) + 6 i2 = 42
6 i3 + 4 (i3 − i2) + 2 (i3 − i1) = 0
i2 − i1 = 3

రెండోదాన్ని సర్దితే 12 i3 = 2 i1 + 4 i2. అందులో i2 బదులు i1 + 3 పెడితే i3 = i1/2 + 1. ఇవన్నీ మొదటిదాంట్లో పెడితే 9 i1 + 24 = 42. i1 = 2, i2 = 5, i3 = 2 ఆంపియర్లు.

అంకెల వెనక జరుగుతున్నది చూడదగ్గది. i1, i3 సమానం కావడం వల్ల 2 ఓమ్‌ల రెసిస్టర్‌లో కరెంటే లేదు. మధ్య నోడ్ 42 వోల్టులకు ఎక్కి బ్యాటరీతో సమానంగా నిలబడింది. కరెంట్ సోర్స్ నెట్టిన 3 ఆంపియర్లు మొత్తం 4 ఓమ్‌ల గుండా కుడికి పోతున్నాయి, బ్యాటరీ ఇచ్చిన 2 ఆంపియర్లు మొత్తం పై వంతెన మీదుగా పోతున్నాయి. రెండు దారుల్లోనూ 12 వోల్టులే తగ్గి, కుడి నోడ్ 30 వోల్టుల దగ్గర కలుస్తున్నాయి. అక్కడి నుంచి 5 ఆంపియర్లు కిందికి. పవర్ ఇచ్చేవి బ్యాటరీ 84, సోర్స్ 126 వాట్లు, మొత్తం 210. తీసుకునేవి 36, 24, 150, అదీ 210.

ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు, సూపర్ మెష్ రాసేటప్పుడు i3ని మరిచిపోవడం. సూపర్ మెష్ అంటే ‘బయటి చుట్టు’ అన్న మాట మనసులో నాటుకుపోయి, ఆ చుట్టు మీది రెసిస్టర్లకు ఇంకో పొరుగు గడి ఉంటుందన్న సంగతి జారిపోతుంది. 2 i1 + 10 i2 = 42 అని పాత సమీకరణమే రాస్తే i1 = 1, i2 = 4 వస్తాయి, మూడో గడి నుంచి i3 = 1.5. దీన్ని పట్టుకోవడానికి మనం లెక్కలో వాడని దారి ఒకటి నడిస్తే చాలు: బ్యాటరీ, పై వంతెన, కుడి 6 ఓమ్‌లు. వంతెనలో 9 వోల్టులు, కుడి 6 ఓమ్‌లలో 24 వోల్టులు, మొత్తం 33. బ్యాటరీ 42. తొమ్మిది వోల్టులు లెక్కలో లేవు. సరైన జవాబుతో అదే దారి 12 + 30 = 42. సమీకరణాలు తమలో తాము పొసగుతున్నాయా అని చూసే పరీక్షకు గుర్తు తప్పు దొరకలేదు, ఈ తప్పు మాత్రం వెంటనే దొరుకుతుంది. తప్పుల్లో ఏది ఏ పరీక్షకు దొరుకుతుందో తెలిసి ఉండటం, వరసగా అన్ని పరీక్షలూ చేయడం కంటే ఉపయోగమని నాకనిపిస్తుంది.

ప్రశ్నపత్రాలు కూర్చేవాళ్లకు ఇష్టమైన వల ఒకటుంది. మధ్య శాఖలో కరెంట్ సోర్స్‌తో పాటు వరసలో ఒక రెసిస్టర్, 5 ఓమ్‌లనుకుందాం, పెడతారు. దానికి సూపర్ మెష్‌లో చోటు ఎక్కడ? ఎక్కడా లేదు. ఆ శాఖ మొత్తం మన దారికి బయటే ఉంది. మెష్ కరెంట్లు ఒక్కటీ మారవు. మారేది సోర్స్ భరించే వోల్టేజి. వంతెన లేని మొదటి సర్క్యూట్‌లో నోడ్ 40 వోల్టులైతే, రెసిస్టర్‌లో పడే 15 కలుపుకొని సోర్స్ 55 వోల్టులు ఇవ్వాలి, దాని పవర్ 120 నుంచి 165 వాట్లకు పెరుగుతుంది. ఆ అదనపు 45 వాట్లూ 5 ఓమ్‌లలోనే వేడిగా పోతాయి.

సోర్స్ విలువ స్థిరంగా కాక సర్క్యూట్‌లోని ఇంకో కరెంట్ మీద ఆధారపడితే పద్ధతి మారదు, షరతు మాత్రం మారుతుంది. ట్రాన్సిస్టర్ కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్‌ను మెష్‌లుగా గీసినప్పుడు ఇది సహజంగా ఎదురవుతుంది. ఎమిటర్ రెసిస్టర్ ఒక్కటే ఉంటే కలెక్టర్, ఎమిటర్ల మధ్య β రెట్ల సోర్స్ కుడి గడిలోనే, అంచున ఉంటుంది, సూపర్ మెష్‌తో పని లేదు. కలెక్టర్ నుంచి బేస్‌కు ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ కలిపారా, పైన మూడో గడి తయారై ఆ సోర్స్ కుడి గడికీ పై గడికీ ఉమ్మడి అవుతుంది. ఎడమ గడిని i1, కుడిదాన్ని i2, పైదాన్ని i3 అంటే బేస్ కరెంట్ i1 − i3, కనుక షరతు i3 − i2 = β (i1 − i3). సూపర్ మెష్ కుడి, పై గడులదైనా షరతులోకి ఎడమ గడి కరెంట్ కూడా వచ్చేసింది. షరతు ఆ రెండు గడుల కరెంట్లతోనే ముగియాలని ఎక్కడా లేదు.

ఇదే పనికి ఇతర దారులు లేకపోలేదు. సోర్స్‌ను ఒకే లూప్ తాకేలా లూప్‌లను వేరేగా ఎంచుకోవచ్చు. మొదటి సర్క్యూట్‌లో బయటి పెద్ద లూప్‌కు i, కుడి గడికి తెలిసిన 3 ఆంపియర్లు అనుకుంటే 2 i + 10 (i + 3) = 42 అని ఒక్క వాక్యంలో వస్తుంది. అది షరతును ముందే లోపల పెట్టేసిన సూపర్ మెష్షే. సోర్స్‌కు సమాంతరంగా రెసిస్టర్ ఉంటే దాన్ని వోల్టేజి సోర్స్‌గా మార్చి సమస్యను లేకుండా చేయవచ్చు, మన మధ్య శాఖకు ఆ వీలు లేదు. నోడల్ పద్ధతికి వెళితే కరెంట్ సోర్స్ అసలు ఇబ్బందే కాదు: (V − 42)/2 + V/10 = 3, V = 40. చేత్తో చేసేటప్పుడు ఏది తక్కువ పనో ముందే లెక్కపెట్టుకోవచ్చు. మెష్ పద్ధతిలో చివరికి మిగిలేవి గడుల సంఖ్యలోంచి కరెంట్ సోర్స్‌ల సంఖ్య తీసేసినన్ని. నోడల్‌లో నోడ్‌ల సంఖ్యలోంచి ఒకటీ, ఆపై వోల్టేజి సోర్స్‌ల సంఖ్యా తీసేసినన్ని. మొదటిదాంట్లో 4, 6 ఓమ్‌లను కలిపి ఒకే 10గా తీసుకుంటే మన రెండు సర్క్యూట్లలోనూ రెండు పద్ధతులూ సమానం. కరెంట్లే అడిగితే మెష్, వోల్టేజీలు అడిగితే నోడల్ అన్నంత తేడానే.

కంప్యూటర్ మాత్రం ఎటూ తేల్చుకోవలసిన పని పెట్టుకోలేదు. 1975లో హో, రూలీ, బ్రెన్నన్ ప్రచురించిన సవరించిన నోడల్ పద్ధతిలో వోల్టేజి సోర్స్ గుండా పారే కరెంట్‌ను ఒక అదనపు తెలియని రాశిగా ఉంచేస్తారు, మనం పైన vx ఉంచినట్టే, అద్దంలో చూసినంత తలకిందులుగా. చేత్తో చేసేవాళ్లు తెలియనిదాన్ని కొట్టేస్తారు, యంత్రం దాన్ని అలాగే మోస్తుంది. వంతెన ఉన్న మన సర్క్యూట్‌ను ngspice లో చూసుకోవాలంటే ఇది చాలు:

```
supermesh check
V1 1 0 42
R1 1 2 2
I1 0 2 3
R2 2 3 4
R3 3 0 6
R4 1 3 6
.op
.end
```

రెండో నోడ్ 42, మూడో నోడ్ 30 వోల్టులు రావాలి. బ్యాటరీ కరెంట్ −2 అని చూపిస్తే కంగారు పడక్కర్లేదు, ప్లస్ చివరలోంచి లోపలికి పోయే కరెంట్‌ను అది ధనంగా లెక్కిస్తుంది. I1 వరసలో మాత్రం జాగ్రత్త. కరెంట్ మొదట రాసిన నోడ్ నుంచి సోర్స్ లోపలగా రెండో నోడ్‌కు పోతుంది. అందుకే నేల ముందు, నోడ్ 2 తర్వాత. తిప్పి రాస్తే చేతి లెక్కలో చేసిన గుర్తు తప్పే యంత్రంలోనూ చేసినట్టు, రెండూ చక్కగా సరిపోయి మనల్ని నమ్మిస్తాయి.

పద్ధతి ఎక్కడిదాకా పని చేస్తుందన్నది బొమ్మ గీసే తీరును బట్టి ఉంది. తీగలు ఒకదాన్నొకటి దాటకుండా కాగితం మీద గీయగలిగిన సర్క్యూట్‌లో ప్రతి శాఖకూ సరిగ్గా రెండు వైపులుంటాయి, ఆ వైపుల్లో ఒకటి బయటి ఖాళీ కావచ్చు. ఆ ఖాళీని కూడా సున్నా కరెంట్ ఉన్న గడి అనుకుంటే, అంచున ఉన్న కరెంట్ సోర్స్ కూడా ఉమ్మడి సోర్సే: i1 − 0 = సోర్స్ విలువ. అందుకే అంచు సోర్స్‌కు సూపర్ మెష్ సమీకరణం అక్కర్లేదు, షరతే జవాబు. వరసగా మూడు గడుల మధ్య రెండు కరెంట్ సోర్స్‌లుంటే మూడింటినీ ఒకే సూపర్ మెష్‌గా కలిపి, షరతులు రెండు రాయాలి. కాగితం మీద దాటకుండా గీయలేని సర్క్యూట్‌కు మెష్ అన్న మాటే వర్తించదు, లూప్‌లతో గాని నోడల్‌తో గాని చేయాలి.

మూడు గడులు కలిసే ఒక నోడ్‌లో మూడు శాఖలూ కరెంట్ సోర్స్‌లే అయితే పరిస్థితి వేరు. షరతులు i1 − i2 = 3, i2 − i3 = 2, i3 − i1 = −4 అని వచ్చాయనుకోండి. ఎడమవైపులు కలిపితే సున్నా, కుడివైపులు కలిపితే 1. అలాంటి సర్క్యూట్‌కు జవాబు లేదు, ఎంత సూపర్ మెష్ రాసినా. మూడోది −5 అయితే షరతులు పొసగుతాయి, ఒకటి అదనం. మిగిలిన రెండు షరతులూ, మూడు గడుల బయటి చుట్టూ కలిసి మెష్ కరెంట్లను మూడింటినీ ఇస్తాయి. కానీ ఆ మధ్య నోడ్ ఎన్ని వోల్టుల మీద ఉందో ఏ సమీకరణమూ చెప్పలేదు, ఎందుకంటే దాన్ని మిగతా సర్క్యూట్‌కు కట్టి ఉంచే రెసిస్టర్ ఒక్కటీ లేదు. సిమ్యులేటర్ సాధారణంగా singular matrix అని ఆగిపోయేది ఇక్కడే.